వీపీఎన్ పదేపదే తెగిపోతుంటే రీఫండ్ కోరుతూ ఫ్రీలాన్సర్ రాయవలసిన లేఖ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీలోని సమాధానాలన్నీ ఒకే ఉదాహరణను ఆధారం చేసుకుని సాగుతాయి. ఒక ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్ తన క్లయింట్ సర్వర్‌లో రోజూ పని చేయాలి. ఆ సర్వర్ ముందే నమోదు చేసిన ఐపీ అడ్రస్‌ల నుంచి వచ్చే కనెక్షన్‌లను మాత్రమే అనుమతిస్తుంది. అందుకోసం ఆ ప్రోగ్రామర్ ఒక వీపీఎన్ సంస్థ దగ్గర డెడికేటెడ్ ఐపీతో, అంటే తనకు మాత్రమే కేటాయించిన మారని ఐపీ అడ్రస్‌తో కూడిన 12 నెలల ప్లాన్ కొన్నారు. నాలుగు నెలలు సవ్యంగా నడిచిన తరువాత కనెక్షన్ రోజుకు పలుమార్లు తెగిపోవడం మొదలైంది.

సపోర్ట్ వారికి రాసే లేఖలో అసలు ఏమి నిరూపించాలి?

కనెక్షన్ తెగిపోతోందన్న సంగతిని సపోర్ట్ వారు సాధారణంగా కాదనరు. తెగడానికి కారణం తమ వైపు ఉందా, మీ వైపు ఉందా అన్నదే వారి ప్రశ్న. మీ కంప్యూటర్ నుంచి క్లయింట్ సర్వర్‌కు వెళ్లే దారిలో వైఫై, రౌటర్, ఇంటర్నెట్ సంస్థ లైను, వీపీఎన్ సర్వర్ వరుసగా ఉంటాయి. వీటిలో ఏది ఆగినా మీకు తెర మీద కనిపించేది ఒక్కటే, వీపీఎన్ తెగింది అన్న సందేశం. అందువల్ల "మీ సేవ బాగాలేదు" అని ఎంత గట్టిగా రాసినా దానికి వచ్చే జవాబు యాప్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి, వేరే సర్వర్ ఎంచుకోండి అన్న సిద్ధ పాఠమే అవుతుంది. మొదటి మూడు అంచెలూ బాగున్న సమయంలోనే నాలుగోది ఆగిందని చూపించే లేఖ వెళితే, ఆ సిద్ధ పాఠానికి చోటు ఉండదు. నా దృష్టిలో రీఫండ్ లేఖకు బలం దాని స్వరంలో ఉండదు, ఈ ఒక్క విభజనలో ఉంటుంది.

తప్పు నా ఇంటర్నెట్‌ది కాదని ఎలా తేల్చుకోవాలి?

ముందుగా వైఫైని లెక్కలోంచి తీసివేయండి. కంప్యూటర్‌ను కేబుల్‌తో నేరుగా రౌటర్‌కు కలిపి పని చేయండి. ఆ తరువాత రెండు పరిశీలనలు ఒకేసారి నడవాలి. మొదటిది, పని చేసే కంప్యూటర్ నుంచి రౌటర్‌కు నిరంతరం పింగ్, అంటే జవాబు వస్తోందో లేదో చూసే చిన్న ప్యాకెట్, పంపడం. రెండవది, అదే రౌటర్‌కు కలిపిన, వీపీఎన్ లేని మరొక పరికరం నుంచి బయటి చిరునామాకు పింగ్ పంపడం. లినక్స్‌లో అయితే `-D` అన్న ఆప్షన్ ప్రతి జవాబు పక్కనా సమయాన్ని ముద్రిస్తుంది, దాన్ని ఒక ఫైలులో భద్రపరచుకోవచ్చు.

```
ping -D 192.168.1.1 | tee router.txt
ping -D 1.1.1.1 | tee internet.txt
```

మొదటి ఆదేశంలో మీ రౌటర్ అసలు అడ్రస్ ఇవ్వండి. వీపీఎన్ తెగిన క్షణంలో ఈ రెండు ఫైళ్లలో ఏమి జరిగిందో చూస్తే సంగతి చాలావరకు తేలిపోతుంది. రౌటర్ పింగ్ కూడా ఆగి ఉంటే లోపం మీ ఇంట్లో ఉంది. రౌటర్ జవాబిస్తూ, రెండవ పరికరం పింగ్ ఆగి ఉంటే లోపం ఇంటర్నెట్ సంస్థ లైనులో ఉంది. ఈ రెండు సందర్భాల్లోనూ వీపీఎన్ సంస్థకు లేఖ రాయడం న్యాయం కాదు. రెండు పింగ్‌లూ ఆగకుండా నడుస్తున్నప్పుడు వీపీఎన్ మాత్రమే తెగితే అప్పుడు అనుమానం వీపీఎన్ వైపు మళ్లుతుంది.

అయినా ఇక్కడ ఒక చిక్కు మిగులుతుంది. మీ ఇంటర్నెట్ సంస్థకూ, ఆ వీపీఎన్ సర్వర్ ఉన్న డేటా సెంటర్‌కూ మధ్యనున్న దారి ఒక్కటే పాడై ఉండవచ్చు. మిగతా ఇంటర్నెట్ అంతా బాగానే ఉంటుంది కనుక పై పరిశీలనలో ఇది బయటపడదు. దీన్ని తొలగించడానికి ఒక రోజు వేరే సంస్థ లైను మీద, ఉదాహరణకు మొబైల్ హాట్‌స్పాట్ మీద, అదే వీపీఎన్ సర్వర్‌కు కలిసి పని చేయండి. వేర్వేరు సంస్థల రెండు లైన్ల మీదా అదే తీరులో తెగుతుంటే ఉమ్మడిగా మిగిలేవి రెండే, మీ కంప్యూటర్, ఆ సర్వర్. చివరగా మరొక రోజు అదే కంప్యూటర్ నుంచి, అదే యాప్‌తో, అదే సంస్థకు చెందిన మరొక సర్వర్‌కు కలవండి. అక్కడ తెగకపోతే కంప్యూటర్ కూడా నిర్దోషి అని తేలినట్టే.

లాగ్‌లో ఏ పంక్తుల కోసం వెతకాలి?

వీపీఎన్ యాప్‌లు వాడే పద్ధతుల్లో ఒకటైన ఓపెన్‌వీపీఎన్ వాడుతున్నవారికి, యాప్ తన పనిని నమోదు చేసుకునే లాగ్‌లో కనిపించే ముఖ్యమైన పంక్తులు ఇలా ఉంటాయి.

```
2025-03-05 09:41:07 Inactivity timeout (--ping-restart), restarting
2025-03-05 09:41:07 SIGUSR1[soft,ping-restart] received, process restarting
```

వీపీఎన్ సర్వర్ నుంచి నిర్ణీత కాలం పాటు ఏ ప్యాకెట్టూ రాలేదు కాబట్టి కనెక్షన్‌ను మళ్లీ మొదలుపెడుతున్నాను అని మీ కంప్యూటర్‌లోని వీపీఎన్ యాప్ చెబుతోందన్నమాట. సర్వర్‌లో సాధారణంగా కనిపించే `keepalive 10 60` అమరిక ఉంటే యాప్ 60 సెకన్ల నిశ్శబ్దం తరువాతనే ఈ పంక్తి రాస్తుంది. అంటే లాగ్‌లో 09:41:07 అని ఉంటే ప్యాకెట్లు నిజంగా ఆగింది సుమారు 09:40:07 కి. పింగ్ ఫైలును సరిపోల్చేటప్పుడు ఆ ముందు నిమిషాన్ని చూడాలి. చాలామంది లాగ్ సమయాన్నే చూసి, అప్పటికే రౌటర్ బాగైపోయిన క్షణాన్ని సాక్ష్యంగా పంపిస్తారు. సపోర్ట్‌లోని అనుభవజ్ఞుడు ఆ తేడాను వెంటనే పట్టుకుంటాడు.

ఇదే పంక్తి ల్యాప్‌టాప్ నిద్రాణ స్థితిలోకి వెళ్లి లేచినప్పుడు కూడా వస్తుంది. కనుక పరిశీలన జరిగినన్నాళ్లూ స్లీప్‌ను ఆపివేసి, ఆ సంగతిని లేఖలో ఒక వాక్యంగా రాయండి. కనెక్షన్ కచ్చితంగా గంటకొకసారి తెగుతుంటే మరో కోణం ఉంది. ఓపెన్‌వీపీఎన్ డీఫాల్ట్‌గా ప్రతి 3600 సెకన్లకు ఎన్‌క్రిప్షన్ కీలను మార్చుకుంటుంది, ఆ మార్పిడి విఫలమైనప్పుడు ఇలా గంటల లెక్కన తెగుతుంది. ఈ తీరు కనిపిస్తే తప్పక రాయండి, ఎందుకంటే వారి ఇంజనీర్లకు అది ఎక్కడ వెతకాలో చెబుతుంది. `AUTH_FAILED` అని కనిపిస్తే మాత్రం అది వేరే కథ: పాస్‌వర్డ్ తప్పు కావడం, ప్లాన్ గడువు ముగియడం, అనుమతించిన పరికరాల సంఖ్య మించడం వంటివి చూసుకోవాలి.

నేను వైర్‌గార్డ్ వాడుతున్నాను. తెగినట్టు లాగ్‌లో ఏమీ రాదు. ఏమి చూపించాలి?

ఓపెన్‌వీపీఎన్ లాంటి మరో పద్ధతి అయిన వైర్‌గార్డ్‌లో "కలిసింది", "తెగింది" అనే స్థితులు ఆ అర్థంలో లేవు. అందుకే పని ఆగిపోయినా యాప్ పచ్చ రంగులోనే ఉండవచ్చు. అక్కడ చూడవలసింది చివరి హ్యాండ్‌షేక్ సమయం, అంటే మీ కంప్యూటర్, వీపీఎన్ సర్వర్ చివరిసారి కీలను మార్చుకున్న సమయం. ఇది `wg show` అన్న ఆదేశంలో `latest handshake` అన్న పంక్తిలో కనిపిస్తుంది. డేటా వెళుతున్నంతసేపు ఈ హ్యాండ్‌షేక్ సుమారు రెండు నిమిషాలకొకసారి కొత్తదవుతుంది. మీరు డేటా పంపుతూ ఉండగా ఆ సమయం మూడు నిమిషాలు దాటి పెరుగుతూ పోతే వీపీఎన్ దారి పనిచేయడం లేదని అర్థం. ఆ క్షణంలో తీసిన స్క్రీన్‌షాట్ మంచి సాక్ష్యం.

అయితే నిందించే ముందు ఒక పని చేసి తీరాలి. కొంతసేపు ఏ డేటా పంపకుండా ఊరుకుంటే మీ రౌటర్ వైర్‌గార్డ్ ప్యాకెట్లు వెళ్లే యూడీపీ దారిని మరిచిపోతుంది. అప్పుడు సర్వర్ వైపు నుంచి వచ్చే ప్యాకెట్లు మీకు చేరవు. కాన్ఫిగరేషన్‌లో `PersistentKeepalive = 25` అని పెడితే ప్రతి 25 సెకన్లకు ఒక చిన్న ప్యాకెట్ వెళ్లి దారిని తెరిచి ఉంచుతుంది. ఇది పెట్టిన తరువాత కూడా తెగుతుంటేనే లేఖ రాయండి, పెట్టినట్టు లేఖలో చెప్పండి. కాన్ఫిగరేషన్ ఫైలును మాత్రం జతచేయకూడదు, ఎందుకంటే అందులో మీ ప్రైవేట్ కీ ఉంటుంది.

పోయిన పని గంటలకు కూడా పరిహారం అడగవచ్చా?

అడిగినా దాదాపుగా రాదు. సేవ ఆగడం వల్ల కలిగే ఆదాయ నష్టానికి తాము బాధ్యులం కామని, తమ బాధ్యత మీరు చెల్లించిన మొత్తాన్ని మించదని ఇలాంటి సంస్థల నిబంధనల్లో సాధారణంగా రాసి ఉంటుంది. పైగా రెండు కోరికలను ఒకే లేఖలో కలిపితే తేలికగా తీర్చగలిగిన రీఫండ్ కూడా, తీర్చడానికి ఇష్టపడని పరిహారంతో పాటు పై అధికారుల దగ్గర ఆగిపోతుంది. ఫ్రీలాన్సర్‌కు పోయిన గంట పోయిన ఆదాయమే, ఆ బాధ నిజమైనదే. కానీ లేఖలో దాని స్థానం ఒక వాక్యం మాత్రమే: ఈ సేవను దేని కోసం కొన్నారో, తెగడం వల్ల ఆ ప్రయోజనం ఎందుకు నెరవేరడం లేదో చెప్పే వాక్యం. క్లయింట్ పేరు, సర్వర్ అడ్రస్ అందులో రానివ్వకండి.

మనీ బ్యాక్ గ్యారంటీ గడువు దాటిపోయింది. అయినా అడగవచ్చా?

అడగవచ్చు, కాని అడిగే తీరు మారాలి. ఎక్కువ వీపీఎన్ సంస్థలు ఇచ్చే 30 రోజుల గ్యారంటీ కొన్న తేదీ నుంచి లెక్కకు వస్తుంది. ఆ గడువులో ఉన్నవారు కారణం పెద్దగా వివరించనక్కరలేదు. గడువు దాటినవారు గ్యారంటీని ప్రస్తావించి పూర్తి మొత్తం కోరితే, నిబంధన చూపించి ఒక్క వాక్యంతో తిరస్కరించవచ్చు. అందుకే వాడిన కాలాన్ని వదిలేసి, వాడలేకపోయే కాలానికి మాత్రమే అడగడం మంచిది. మన ఉదాహరణలో 12 నెలల్లో 4 నెలలు సేవ సరిగా అందింది, 8 నెలలు మిగిలి ఉంది. కాబట్టి చెల్లించిన మొత్తంలో మూడింట రెండు వంతులు కోరడం సమంజసం. డెడికేటెడ్ ఐపీకి విడిగా చెల్లించి ఉంటే దానికీ ఇదే నిష్పత్తి వర్తింపజేయండి.

వినియోగదారుల చట్టాల గురించి ఒక జాగ్రత్త అవసరం. వ్యాపార అవసరానికి కొన్న సేవలను చాలా చోట్ల ఈ చట్టాలు పూర్తిగానో, కొంతవరకో మినహాయిస్తాయి. కొన్ని చోట్ల స్వయం ఉపాధి కోసం కొన్నవారికి రక్షణ ఉంటుంది. మీకు వర్తించే చట్టం ఏమంటుందో చదవకుండా లేఖలో చట్టం పేరు ఎత్తితే, అది మీకు వర్తించదన్న ఒక్క జవాబుతో మొత్తం లేఖ పలుచబడుతుంది.

లేఖ నమూనా ఎలా ఉంటుంది?

పై పరిశీలనలన్నీ చేసిన తరువాత మన ప్రోగ్రామర్ రాసిన లేఖ ఇది. సపోర్ట్ వారి పని భాష వేరైతే ఇదే వరుసలో ఆ భాషలో రాయాలి. సమయాలన్నీ యూటీసీలో, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉండాలి, లేకపోతే వారి సర్వర్ లాగ్‌లతో సరిపోల్చడం కష్టమవుతుంది.

> విషయం: డెడికేటెడ్ ఐపీ సర్వర్‌లో పదేపదే అంతరాయం, మిగిలిన 8 నెలలకు రీఫండ్ అభ్యర్థన (మునుపటి టికెట్ సంఖ్య: ____)
>
> సపోర్ట్ విభాగం వారికి నమస్కారం.
>
> నేను 2024 నవంబర్ 4న మీ 12 నెలల ప్లాన్‌ను డెడికేటెడ్ ఐపీతో కలిపి కొన్నాను. ఖాతా ఈమెయిల్, చెల్లింపు సంఖ్య కింద ఇచ్చాను. నమోదు చేసిన ఐపీ నుంచి వచ్చే కనెక్షన్‌లను మాత్రమే అనుమతించే సర్వర్‌లో పని చేయడానికి ఈ సేవను తీసుకున్నాను. 2025 మార్చి 3 వరకు సేవ సక్రమంగా అందింది.
>
> ఆ తరువాత నుంచి నాకు కేటాయించిన సర్వర్‌తో కనెక్షన్ పదేపదే తెగుతోంది. మార్చి 5న యూటీసీ 09:41, 11:17, 14:53 సమయాల్లో తెగినట్టు జతచేసిన లాగ్‌లో కనిపిస్తుంది. ప్రతిసారీ లాగ్‌లో ping-restart సందేశం ఉంది. ఆ సందేశాలకు ముందు నిమిషంలో నా రౌటర్‌కూ, అదే లైను మీద వీపీఎన్ లేని మరొక పరికరం నుంచి బయటి అడ్రస్‌కూ పంపిన పింగ్‌లు ఆగలేదు. ఆ ఫైళ్లు కూడా జతచేశాను. కంప్యూటర్ కేబుల్‌తో కలిపి ఉంది, స్లీప్ ఆపివేసి ఉంది.
>
> మార్చి 6న వేరే సంస్థ మొబైల్ లైను మీద ప్రయత్నించినప్పుడు కూడా అదే సర్వర్‌తో యూటీసీ 10:08కి, 13:30కి ఇలాగే జరిగింది. మార్చి 7న ఇదే కంప్యూటర్, ఇదే యాప్‌తో మీ మరొక సర్వర్‌కు కలిసినప్పుడు ఆరు గంటల పాటు ఒక్కసారి కూడా తెగలేదు. కాబట్టి లోపం నాకు కేటాయించిన సర్వర్‌కు పరిమితమైనదని భావిస్తున్నాను.
>
> యాప్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం, యూడీపీ నుంచి టీసీపీకి మారడం ఇప్పటికే చేశాను, ఫలితం లేదు. వేరే సర్వర్‌లో నా డెడికేటెడ్ ఐపీ పనిచేయదు కనుక సర్వర్ మార్చుకోవడం నాకు పరిష్కారం కాదు.
>
> మిగిలిన 8 నెలల కాలానికి, అంటే చెల్లించిన మొత్తంలో మూడింట రెండు వంతులు, చెల్లించిన మార్గంలోనే తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఈ లేఖ అందిన పది రోజుల్లో మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు.
>
> ఇట్లు,
> ____

ఈ లేఖలో కోపం కనిపించే మాట ఒక్కటీ లేదు. బాగా నడిచిన నాలుగు నెలలను లేఖే ఒప్పుకుంది, దానివల్ల ఆ తరువాతి మాటలకు నమ్మకం పెరిగింది. లాగ్ పంపే ముందు అందులో పాస్‌వర్డ్‌లు, క్లయింట్ సర్వర్ అడ్రస్ ఉంటే తొలగించాలి. వీపీఎన్ సర్వర్ పేరు, సమయాలు మాత్రం చెరిపేయకూడదు.

అయినా "వేరే సర్వర్ వాడండి" అనే జవాబు వస్తే?

సాధారణ ప్లాన్ వాడేవారి విషయంలో అది న్యాయమైన సలహాయే, ఒకసారి పాటించి చూడాలి. డెడికేటెడ్ ఐపీ మాత్రం సాధారణంగా ఒక నిర్దిష్ట సర్వర్‌కు ముడిపడి ఉంటుంది. ఆ సంగతిని గుర్తు చేస్తూ, లేఖలోని మార్చి 7 పరిశీలనను మళ్లీ చూపండి. వారు మరొక సర్వర్ మీద కొత్త డెడికేటెడ్ ఐపీ ఇస్తామంటే దాన్ని తోసిపుచ్చవద్దని నా సలహా. క్లయింట్ కొత్త ఐపీని నమోదు చేయడానికి ఒప్పుకుంటే మీకు కావలసింది డబ్బు కంటే ముందు పని జరగడమే కదా. ఒప్పుకునేటప్పుడు మాత్రం, రెండు వారాల్లో అదే లోపం మళ్లీ కనిపిస్తే మొదట కోరిన రీఫండ్ అలాగే నిలుస్తుందన్న అంగీకారాన్ని అదే టికెట్‌లో రాతపూర్వకంగా తీసుకోండి. లైవ్ చాట్‌లో చెప్పిన మాటను ఆ తరువాత ఎవరూ వెతికి చూడరు. చాట్ ప్రతిని ఈమెయిల్‌కు పంపమని అడగండి.

ప్లాన్‌ను యాప్ స్టోర్ ద్వారా కొన్నాను. లేఖ ఎవరికి రాయాలి?

డబ్బు తీసుకున్నది స్టోర్ కాబట్టి రీఫండ్ అభ్యర్థన సాధారణంగా అక్కడే, మీ కొనుగోళ్ల చరిత్రలోంచి చేయాలి. వీపీఎన్ సంస్థకు రాసినా అక్కడికే వెళ్లమంటారు, ఈలోగా గడువు కరిగిపోతుంది.

సబ్‌స్క్రిప్షన్ రద్దు చేస్తే రీఫండ్ కోరినట్టేనా?

కాదు. రద్దు చేయడం అంటే తదుపరి చెల్లింపును ఆపడం మాత్రమే, ఇప్పటికే చెల్లించినది దానివల్ల తిరిగి రాదు. రెండూ వేర్వేరుగా చేయాలి. ఆటో రెన్యూవల్ ఆపి, ఆ నిర్ధారణ ఈమెయిల్‌ను దాచుకోండి. ఖాతాను మాత్రం రీఫండ్ చేతికి వచ్చేవరకు తొలగించకండి. ఖాతా పోతే చెల్లింపును మీతో జతపరిచే ఆధారం, పాత టికెట్‌లు కూడా పోయే ప్రమాదం ఉంది.

వారు నిరాకరిస్తే బ్యాంకు ద్వారా చార్జ్‌బ్యాక్ అడగవచ్చా?

చార్జ్‌బ్యాక్ అంటే చెల్లించిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి తెప్పించుకోవడం, కార్డుతో చెల్లించి ఉంటే ఆ దారి ఉంది. అందించవలసిన సేవ అందలేదు, లేదా వివరించినట్టు లేదు అన్న కారణం కింద బ్యాంకుకు ఫిర్యాదు చేయాలి. బ్యాంకు మొదట అడిగేది, అమ్మినవారితో ముందుగా పరిష్కారానికి ప్రయత్నించారా అన్నది. పై లేఖ, దానికి వచ్చిన జవాబు, జతచేసిన లాగ్‌లు అప్పుడు అలాగే పనికివస్తాయి. ఈ ఫిర్యాదుకు కాలపరిమితి ఉంటుంది, కార్డు నెట్‌వర్క్‌ల నియమాల్లో తరచుగా కనిపించేది 120 రోజులు, అయితే లెక్క ఏ తేదీ నుంచి మొదలవుతుందో కారణాన్ని బట్టి మారుతుంది. ఏడాది ప్లాన్ కొని చాలా నెలలు గడిచినవారు ఈ విషయం బ్యాంకును ముందే అడిగి తెలుసుకోవాలి. సపోర్ట్ వారితో ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తూనే ఆ గడువు దాటిపోవడం జరగకూడదు.

సంస్థ రీఫండ్ పరిశీలిస్తున్నామని చెప్పి ఉంటే అదే సమయంలో చార్జ్‌బ్యాక్ వేయకండి. ఒకే మొత్తానికి రెండు అభ్యర్థనలు ఎదురుపడి రెండూ ఆగిపోవచ్చు. చార్జ్‌బ్యాక్ వేసిన వెంటనే చాలా సంస్థలు ఖాతాను మూసివేస్తాయి, దానితో పాటు డెడికేటెడ్ ఐపీ కూడా పోతుంది. అందువల్ల ఆ అడుగు వేయడానికి ముందే క్లయింట్ సర్వర్‌లో ప్రవేశానికి వేరే ఐపీని నమోదు చేయించుకుని, అది పనిచేస్తోందని ఒకసారి లాగిన్ అయి చూసుకోవాలి. పాత ఐపీని అనుమతి జాబితా నుంచి తీసివేయమని కూడా క్లయింట్‌ను కోరాలి, ఎందుకంటే ఆ అడ్రస్‌ను సంస్థ రేపు మరొకరికి కేటాయించవచ్చు.